ముప్ఫై ఆరు గంటలు ఎప్పటి నుంచి?

ఆసుపత్రిలో ఆమెను అడ్డుపుల్లక్క అనేవారు, ఆమె వినేలాగానే. పసిపిల్లల వార్డుకు మందులిచ్చే ఫార్మసిస్టు ఆమె. వారానికోసారి డాక్టర్లు ఒక పరిశోధన పత్రం ముందేసుకుని చర్చించే జర్నల్ క్లబ్‌లో నోట్సు రాసే పని మొదట ఎవరికీ పట్టలేదు. చేతిరాత బాగుందని ఆమెకు అంటగట్టారు. ఆరేళ్లయింది. ఇప్పుడు ఆ ఒక్క పేజీ చూసే వార్డులో పద్ధతులు మారేవి. అందులో మూడు భాగాలుండేవి: పత్రం దేన్ని నిజమనుకుని బయల్దేరింది, ఎక్కడి వరకు పనికొస్తుంది, ఇంకా తేలనిదేమిటి.

ఆ ఉదయం ఏడున్నరకు చిన్న డాక్టరు స్లైడ్లు మొదలుపెట్టాడు. ఇన్ఫెక్షన్ ఉందేమోనన్న అనుమానంతో పసికందులకు యాంటీబయాటిక్స్ మొదలుపెడతారు. రక్తాన్ని కల్చర్ సీసాలో వేసి, క్రిములు పెరుగుతాయేమో మెషిన్‌లో చూస్తారు. ముప్ఫై ఆరు గంటల్లో ఏమీ పెరగకపోతే, బిడ్డ బాగుంటే, మందు ఆపేయొచ్చు. ఇదీ పత్రం సారాంశం.

"నాలుగో మంచం పాపకు ఇవాళే ఆపేద్దాం మేడమ్. రక్తం తీసి నలభై గంటలు కావస్తోంది. తొమ్మిది గంటల డోసు ఇక అక్కర్లేదు" అన్నాడు హుషారుగా.

పెద్ద డాక్టరమ్మ తలూపింది. "సరే. అక్కా, నోట్సు తొమ్మిదిలోపు నర్సుల గదిలో అంటించెయ్."

ఎనిమిదీ పదికి అందరూ కుర్చీలు జరుపుతున్నారు. ఆమె కలం మాత్రం 'ముప్ఫై ఆరు గంటలు' దగ్గరే ఆగిపోయింది. ఆమె తల్లి కుట్టుపని చేసేది. కొలత ఎక్కడి నుంచి తీశావో చెప్పకుండా అంకె చెబితే కత్తెర పట్టేది కాదు.

"డాక్టరు గారూ, ఈ ముప్ఫై ఆరు ఎప్పటి నుంచి లెక్క?"

"రక్తం తీసినప్పటి నుంచే కదా?"

"పత్రంలో అలాగే ఉందా?"

అతని ముఖం కందింది. "స్లైడులో పెట్టాను కదక్కా. ప్రతిదానికీ అడ్డుపుల్లేనా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అయినా ఆమె పత్రం తన ముందుకు లాక్కుని, పరిశోధన ఎలా చేశారో చెప్పే, స్లైడుల్లోకి ఎక్కని పద్ధతుల భాగం తిరగేసింది. రెండో పేరాలో దొరికింది: సీసాను మెషిన్‌లో పెట్టిన క్షణం నుంచి.

"మన దగ్గర సాయంత్రం తీసిన సీసా పొద్దున ల్యాబ్ తెరిచేదాకా వార్డులోనే ఉంటుంది. ఈ పాపకు మొన్న సాయంత్రం అయిదింటికి తీశారు. నిన్న ఎనిమిదింటికి గానీ మెషిన్‌లోకి ఎక్కలేదు. అంటే ఇప్పటికి ఇరవై నాలుగు గంటలే" అందామె.

గడియారం ఎనిమిదీ ఇరవై.

"ఇంకోటి" అంది. "పత్రం రాసినవాళ్లు కనీసం ఒక మిల్లీలీటరు రక్తం తీశారు. మనం చాలాసార్లు అందులో సగమే; తక్కువ రక్తంలో క్రిములు దొరక్కపోవచ్చు. నెలలు నిండని పిల్లలను వాళ్లు అసలు చేర్చుకోనే లేదు."

"పాప చక్కగా పాలు తాగుతోంది మేడమ్! అనవసరంగా మందెందుకు?" అన్నాడు చిన్న డాక్టరు. అదీ అబద్ధం కాదు.

పెద్ద డాక్టరమ్మ పత్రం అందుకుని ఆ పేరా చదివింది. "డోసు ఇవ్వండి. రేపు పొద్దున మళ్లీ చూద్దాం."

మర్నాటికీ సీసాలో ఏమీ పెరగలేదు. మందు ఆపేశారు. పాప నవనవలాడుతూ ఇంటికెళ్లింది. "చూశావా అక్కా?" అన్నాడు చిన్న డాక్టరు. చూసింది. తన అనుమానం నిజం కాలేదని కాసేపు చిన్నబుచ్చుకుంది కూడా. కానీ ఒక్క పాప బాగుండటంతో ప్రశ్న తేలదుగా?

"మన సీసాల్లో ఆలస్యంగా పెరిగినవి ఎన్ని?" అని తేలని వాటి కింద రాసింది. చిన్న డాక్టరు ఆ వాక్యం రెండుసార్లు చదివి, వెళ్లి ల్యాబ్ రిజిస్టరు తెచ్చాడు. ఇద్దరూ రెండు మధ్యాహ్నాలు కూర్చున్నారు. ఏడాదిలో క్రిములు పెరిగిన సీసాలు పదకొండు. రక్తం తీసినప్పటి నుంచి లెక్కిస్తే వాటిలో మూడు, ముప్ఫై ఆరు గంటలు దాటాక బయటపడ్డాయి. మూడూ సాయంత్రం తీసినవే. మెషిన్‌లో పెట్టినప్పటి నుంచి లెక్కిస్తే ఒక్కటీ దాటలేదు.

"అంటే పత్రం కరెక్టే" అన్నాడతను నెమ్మదిగా. "నేనే..."

"పదకొండు మరీ తక్కువ డాక్టరు గారూ. అదీ రాయాలి" అంటూ ఆమె 'ఎక్కడి వరకు పనికొస్తుంది' కింద రాసింది.

గోడకెక్కిన పేజీలో 'మెషిన్‌లో పెట్టిన గంట నుంచి' అన్న మాట కింద గీత ఉంది. సాయంత్రం కూడా ల్యాబ్ తెరవమని పెద్ద డాక్టరమ్మ అడిగింది. మనుషుల్లేరన్నారు. సాయంత్రం సీసాలు పొద్దుటిదాకా ఎందుకు ఆగాలన్న ప్రశ్న ఇంకా ఆ పేజీలో తేలని వాటి కిందే ఉంది.