నీ డబ్బల ఏముంది పిల్లా

మొన్న బీపీ చూపించుకుందామని సిరిసిల్లలో మా ఇంటికి దగ్గరగా ఉన్న ఒక చిన్న ఆసుపత్రికి వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. పక్కనే గోడకు ఆనుకుని, ఇంకా మడతలు పోని తెల్లకోటు తొడుక్కున్న ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతిలోని సంచి కింద పెట్టవచ్చో లేదో తెలియక ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటోంది. బల్ల దగ్గరున్న పెద్ద నర్సు తల ఎత్తకుండానే "కొత్తగ అచ్చినవా? ఆగు, చెప్త" అని మళ్లీ ఫోనులో తల దూర్చింది. కాసేపటికి ఈ అమ్మాయి ఫోను టింగుమంది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ కనిపించింది. ఆసుపత్రి వాట్సాప్ గ్రూపులో పూలగుత్తి బొమ్మ, దాని కింద 'వెల్‌కమ్ సిస్టర్' అని అక్షరాలు. పంపింది ఆ బల్ల దగ్గరి పెద్ద నర్సే! నాకు నవ్వూ వచ్చింది, ప్రాణం ఉసూరుమంది కూడా. నర్సుగానే బతుకంతా గడిపినదాన్ని కదా, ఆ సంచి పట్టుకున్న చేతులు నావే అనిపించి మనసు నేను మొదట ఉద్యోగంలో చేరిన కోరుట్లకు వెళ్లిపోయింది.

మాది మేడిపల్లి. నాన్న తాళ్లెక్కి కల్లు గీసేవాడు. ఆయన చెట్టు మీది నుంచి పడి నడుము విరిగి మంచం పట్టాక, నా నర్సు చదువు మీదనే ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకున్నారు. ఆ చదువు జగిత్యాలలో సాగింది. అక్కడ కొత్తగా వచ్చినవాళ్లను పలకరించే తీరొకటి ఉండేది. పెద్ద నర్సులు కుర్చీల్లో కూర్చునేవారు, కొత్తపిల్ల వాళ్లెదురుగా నిలబడాలి. ఎవరి బిడ్డవు, మీ నాయన ఏం పని చేస్తడు అన్న దగ్గర మొదలై, ఏమొస్తది నీకు, చేసి చూపెట్టు అంటూ రోగుల ముందే సూది చేతికిచ్చేదాకా వచ్చేది. నా చెయ్యి వణికింది, వాళ్లు నవ్వారు. చెడ్డవాళ్లని చెప్పను, వాళ్లనూ ఎవరో అట్లాగే పలకరించి ఉంటారు. కానీ ఆనాటి నుంచి నాకొక పీడ పట్టుకుంది. ఒక్కదాన్నే ఉంటే ఏ పనైనా నిక్షేపంగా చేసేదాన్ని, పెద్దవాళ్లెవరైనా చూస్తున్నారంటే చాలు, వేళ్లు నా మాట వినేవి కావు.

అందుకే కోరుట్లలో ఉద్యోగం వచ్చిందంటే ఇంట్లో అందరూ సంబరపడ్డారు గానీ నాకు అన్నం సయించలేదు. చెయ్యి వణికితే సాయంత్రం బస్సుకే తిరిగొచ్చేస్తానని, ఇంట్లో కూర్చుని బీడీలు చేసుకుంటానని అమ్మతో చెప్పేసే బయలుదేరాను. అమ్మ జొన్నరొట్టె, పుంటికూర డబ్బాలో సర్ది ఇచ్చి, మంచంలో ఉన్న నాన్న వైపు ఒకసారి చూసింది.

ఆ ఆసుపత్రిలో అందరికంటే పెద్ద నర్సును అందరూ పెద్దక్క అనేవారు. మనిషి ఆజానుబాహువు, గొంతు వార్డంతా వినిపించేది. దూరం నుంచి చూడగానే నాకు సాయంత్రం బస్సు కళ్లముందు మెదిలింది. ఆమె మాత్రం నన్ను చూడగానే చేతిలోని ట్రే బల్ల మీద పెట్టేసి, నేను ఆమె దాకా వెళ్లే పని లేకుండా తానే వరండాలోకి వచ్చింది. వచ్చి నా ఎదుట నిలబడలేదు, పక్కన నిలబడింది. అంత గొంతునూ ఎక్కడ దాచిందో, నాకొక్కదానికే వినపడేట్టు, "నువ్వే కదా పిల్లా? పొద్దటి సంది నీ కోసమే చూస్తున్న. ఎండల అచ్చినవ్, ముందుగాల నీళ్లు తాగు" అంది. నా కోసం ఒకరు ఎదురుచూడటమా! ఆ మాట నమ్మడానికి నాకు కాసేపు పట్టింది. అల్మారాలో ఒక అర ఖాళీ చేసి, కాగితం పరిచి ఉంచింది. సంచి అక్కడ పెట్టించింది. బాత్రూము ఎటో, దాని గొళ్లెం కాస్త పైకెత్తితే గానీ ఎందుకు పడదో చూపించింది. నవ్వకండి, కొత్త చోట ఆడపిల్ల నోరు తెరిచి అడగలేనిది ముందు అదే.

ఊరూ పేరూ తవ్వలేదు, నీకేం వచ్చునని అడగలేదు. ఇద్దరమే ఉన్నప్పుడు 'పిల్లా' అనే మనిషి, రోగుల ముందుకు రాగానే "గీమె మన కొత్త సిస్టరమ్మ, ఇయ్యాల నాతోని ఉంటరు" అని మన్ననగా చెప్పింది. ఆ 'ఉంటరు' వినగానే నా వెన్ను దానంతటదే నిటారుగా అయింది. ఒకటికి రెండుసార్లు అడిగినా ఏమీ అనుకోనని చెప్పి, తాను చేరిన రోజే జ్వరం చూసే గొట్టం కిందపడేసుకుని, నేల మీద దొర్లే పాదరసం వెనక పాకిన సంగతి చెప్పి నవ్వించింది. మధ్యలో మందులిచ్చే కాంపౌండరు వచ్చి, కొత్త మేడం చెయ్యి ఎట్లుంటదో చూస్తామని చేతులు కట్టుకుని నిలబడబోతే, అతణ్ని వేరే వార్డుకు దూది కోసం పంపించేసింది.

సూది వేయాల్సిన వేళ రానే వచ్చింది. నేను సూదిలోకి మందు ఎక్కించుకున్నాను. పెద్దక్క మాత్రం మంచం తలాపికి వెళ్లి, ఆ రోగి ముసలమ్మతో మేకల గురించి ముచ్చట మొదలుపెట్టింది. నాకు సాయం కావాలంటే చెయ్యి చాచే దూరంలోనే ఉంది, కానీ నా చేతుల వైపు ఒక్కసారైనా చూడలేదు. వేళ్లు కొద్దిగా కదిలి, అంతలోనే సర్దుకున్నాయి. సూది దిగింది. ముసలమ్మకు తెలియనేలేదు, "అయిపాయెనా బిడ్డా?" అని నన్నే అడిగింది. నేను దూది నొక్కిపట్టి, కళ్లు తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేక అట్లాగే నిలబడ్డాను.

మధ్యాహ్నం ఒక మూలకు కూర్చుని డబ్బా మూత తీద్దామా వద్దా అని చూస్తున్నాను. ఆ రోజుల్లో ఎవరి డబ్బాలోది ఎవరు తింటారో, ఎవరు తినరో మన తరం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పెద్దక్క వచ్చి నా పక్కనే కూర్చుంది. తన కూర నాకు పెడుతుందేమో అనుకున్నాను, పెట్టడమైతే ఎవరైనా పెడతారు. ఆమె చెయ్యి చాచి "నీ డబ్బల ఏముంది పిల్లా? నాకింత పెట్టు" అని అడిగింది. పెద్దది అడిగింది, చిన్నదాన్ని నేను పెట్టాను. పుంటికూర నంజుకుంటూ, మీ అమ్మ చెయ్యి మంచిదంది. సాయంత్రం బస్సుకు నేను మేడిపల్లి వెళ్లాను, మర్నాడు ఏం కూర వండాలో అమ్మకు చెప్పడానికి. అమ్మ అప్పుడు ఏడ్చింది.

ఇదంతా తలచుకుంటూ ఉండగానే నా పేరు పిలిచారు. నేను లేచి ఆ అమ్మాయి దగ్గరకే వెళ్లి, నా బీపీ నువ్వే చూడు బిడ్డా అన్నాను. మళ్లీ బెంచీ మీద కూర్చుని, సంచి నా పక్కన పెట్టించాను. నా చేతికి బీపీ పట్టీ చుడుతుంటే ఆ పిల్ల వేళ్లు వణుకుతున్నాయి. నేను మొహం కిటికీ వైపు తిప్పుకుని, పొద్దున బస్సు దొరికిందా అని అడిగాను. "ఆటోల అచ్చిన అమ్మమ్మా, తంగళ్ళపల్లి నుంచి" అంటూ చెప్పుకుపోయింది, ఆ మాటల్లో పట్టీ ఎప్పుడు సరిగ్గా కూర్చుందో దానికే తెలియలేదు.

ఇప్పుడు ఆసుపత్రులు చల్లగా ఉన్నాయి, యంత్రాలు వచ్చాయి, సూదులు వాడి పారేసేవి వచ్చాయి. పూలగుత్తులు కూడా వేలితో నొక్కితే వెళ్లిపోతున్నాయి. పాతదంతా బాగని నేననను, జగిత్యాలలో నన్ను ఎదుట నిలబెట్టి నవ్వినదీ ఆ పాతకాలమే. కానీ ట్రే కింద పెట్టి వరండా దాకా నడిచి వచ్చే మనుషులు తక్కువైపోయారనిపిస్తుంది. నేను మందులు తీసుకుని ఇంటికి వచ్చేశాను. వచ్చేటప్పుడు ఆ పిల్ల సంచిలోంచి డబ్బా అంచు కనిపిస్తూనే ఉంది. అందులో ఏముందని అడగాల్సింది మాత్రం ఆ బల్ల దగ్గరి ఆమె, మధ్యాహ్నానికైనా అడిగిందో లేదో.