వాన రేటు

తాండూరు ట్రిప్పులో నాకు పోయినవి ఇవి: మూడు వందల అరవై రూపాయలు, వికారాబాద్ స్టేషన్ దగ్గర వరుసలో నా కారుకున్న చోటు, ట్రావెల్స్ సేఠ్ మాట మీద పదేళ్లుగా ఉన్న నమ్మకం.

ఆ రోజు జోరువాన. స్టేషన్‌లో ఒకామె రైలు కోసం డెబ్బై నిమిషాలు ఆగాను. బేస్ ఛార్జీ వంద, నలభై కిలోమీటర్లకు పద్దెనిమిది చొప్పున ఏడు వందల ఇరవై. రెండూ కలిపిన దాని మీద వాన సర్జ్, అంటే ఒకటిన్నర రెట్లు, పన్నెండు వందల ముప్పై. వెయిటింగ్ మీద సర్జ్ ఉండదు. మొదటి పది నిమిషాలు ఉచితం, మిగతా అరవైకి రెండేసి చొప్పున నూట ఇరవై. ఆమె ఫోన్లో సేఠ్ ఆఫీసుకు పదమూడు వందల యాభై కట్టడం కళ్లారా చూశాను. కమీషన్ నేను నెలకింతని విడిగా కట్టేవాణ్ణి. అయినా సేఠ్ నా చేతిలో పెట్టింది తొమ్మిది వందల తొంభై.

"సర్జ్ బేస్ మీదనే తమ్మీ. కిలోమీటర్లకు ఉండది."

ఆమె కట్టింది ఎంతో చెప్పాను. మర్నాడే నా కారును వరుసలోంచి తీసేయించాడు. నేను వేరే ఆఫీసులో చేరాను. రేట్లు అవే.

మళ్లీ వానలు పడ్డాయి. ఓ జోరువాన రోజు తాండూరు నుంచి వికారాబాద్‌కు బుకింగ్ వచ్చింది. సేఠ్ పేరే. కొడుకు పెళ్లి ఖాయం చేసుకుని వస్తున్నాడు, సొంత బండి మొరాయించిందట. వద్దనొచ్చు. సంతోషంగా వెళ్లాను.

వియ్యంకుడి ఇంట్లో తినకుండా కదలనివ్వరు. బయట వంద నిమిషాలు ఆగాను. ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు.

ఇల్లు చూడటానికి వియ్యంకుడు కూడా ఎక్కాడు. వికారాబాద్‌లో దిగేటప్పుడు మీటరు మళ్లీ నలభై కిలోమీటర్లు. బిల్లు పద్నాలుగు వందల పది.

"గింతెందుకైతది? సర్జ్ కిలోమీటర్లకు గూడ ఏసినవా?" అన్నాడు సేఠ్.

"మీ ఆఫీసుల ప్యాసింజర్లకు ఏస్తలేరా సేఠ్? డ్రైవర్లకే కదా బేస్ మీద లెక్క. గట్లైతే వెయ్యిన్ని యాభై. ఏ లెక్క సరైనదో మీరే చెప్పుండ్రి, అంతే తీసుకుంట."

వియ్యంకుడు పకపకా నవ్వాడు. "ఏం బావా, నీ దుకాణంల రెండు తరాజులున్నయా?"

సేఠ్ చెవులు ఎర్రబడ్డాయి. పద్నాలుగు వందల పది కట్టాడు. వియ్యంకుడు లోపలికి నడిచాక కిటికీ దగ్గరికి వంగాడు.

"నా ఇజ్జత్ తీసినవ్. ఖుషీనా? ఇగ లెక్క సాఫ్."

"సాఫ్ ఎట్లైతది సేఠ్? గిది ఇయ్యాల్టి కిరాయి."

వెయిటింగ్ ఎంత మారినా ఆ రెండు లెక్కల మధ్య తేడా మారదు. ఏ లెక్క సరైనదో ఆయనే కట్టి ఒప్పుకున్నాడు. ఇప్పటికీ ఆయన ఆఫీసు ముందు నుంచి వెళ్లేటప్పుడు కారు నెమ్మది చేస్తాను. ఆయన తల దించుకుంటాడు. దించుకుంటే బాకీ తగ్గదు.

మూడు వందల అరవై.