మావాళ్లే, పంపండి

బారిడీహ్‌లో మేము అద్దెకున్న ఫ్లాట్‌కు సొసైటీవాళ్లు కొత్త నియమాలు పెట్టారు. అద్దెవాళ్లను మీటింగుకు పిలవరు కాబట్టి ఇంటి ఓనరు బాబాయే ఊళ్లోనే ఉన్న సీతారాండేరా నుంచి వచ్చి, మా ముందుగదిలో కూర్చుని చెప్పాడు.

"ఇనుకో వొదినా. ఫ్లాటుకి ఒక్కటే బండి, గీత గీసిన జాగాలోనే. వచ్చినోళ్ల బళ్లు గేటవతల. కూరగాయల తొక్కులు ఒక బకెట్లో, పొయ్యి బూడిద, గాజుముక్కలు ఇంకోదాంట్లో. తొక్కులు పశువులోడు అట్టుకెళ్తాడు. బూడిద కలిత్తే గేదె ముట్టదు."

"గేదెకున్న మర్యాద మా ఆయనకి లేదు. ఏటి పెట్టినా తింతాడు," అంది అమ్మ.

బాబాయి నవ్వలేదు. "అసలుది ఇది. ఎవులొచ్చినా వాచ్‌మన్ ఆపుతాడు. ఇంట్లోవోళ్లు బాల్కనీలోంచి మావోళ్లే అంటేనే లోనికి. శనివారం మీ పాటలోళ్లు తోసుకొచ్చేత్తన్నారని కంప్లయింటు. ఇంకోపాలి అయితే మీ ఇంట్లో పాట బందు."

చర్చి కప్పు బాగుచేస్తున్నారని ఈస్టర్ పాటల సాధన మా ముందుగదిలోకి మారింది. నలుగురిలో పేరు చెప్పడానికే తడబడే నేను ఆ గుంపులో మాత్రం గొంతు విప్పేదాన్ని.

శనివారం నాన్న డ్యూటీలో ఉన్నాడు. బిష్టుపూర్ బజారుకెళ్లిన అమ్మ ఇంకా రాలేదు. గేటు నుంచి వాచ్‌మన్ పిలుపు వినబడి బాల్కనీలోకి వెళ్లాను. గోడవతల సైకిళ్లు బుద్ధిగా ఆనించి ఉన్నాయి. పాటలవాళ్లంతా వరసలో నిలబడ్డారు. హార్మోనియం ఒకాయన నెత్తిమీద ఉంది. వాళ్ల మధ్య, స్కూటరు పట్టుకుని, నియమాలు పాటిస్తున్నామో లేదో చూడ్డానికొచ్చిన ఓనరు బాబాయి.

"నా ఇల్లయ్యా ఇది," అంటున్నాడు.

"ఘర్ ఆప్‌కా హై సాబ్. రహతే తో వో లోగ్ హైఁ," అన్నాడు వాచ్‌మన్. ఇల్లు మీదే, ఉండేది వాళ్లు కదా అని.

మాకు పాటలు నేర్పే పెద్దమ్మ జరిగి చోటిచ్చింది. "రాండి బాబూ, లైన్లోకి. మీరు తెచ్చిన రూలే."

బాబాయి తలెత్తాడు. "పాపా, నానెవులో ఈడికి సెప్పమ్మా."

ఎదురు బాల్కనీల్లో అందరూ చేరారు. నోరు తెరిస్తే మొదట గాలే వచ్చింది. తర్వాత ఏకంగా పాట శ్రుతిలో, "మావాళ్లే, పంపండి" అని వచ్చింది.

"సబ్?" అన్నాడు వాచ్‌మన్.

"అందరూ. ఓనరు బాబాయి కూడా."

అంతే, నవ్వాగక కటకటాలు పట్టుకున్నాను. కింద హార్మోనియం కూడా ఊగుతోంది.

బాబాయి స్కూటరు గేటవతలే పెట్టి పైకొచ్చాడు. ముందు వంటింట్లో రెండు బకెట్లూ వంగి చూశాడు. తర్వాత చాపమీద చతికిలబడ్డాడు.

"సెక్రెట్రీతో నాను మాటాడతాను. పద్ధతిగానే వత్తన్నారు, పాడుకోండి. ప్రతి శనివారం ఈ పాపే బాల్కనీలో నిలబడాల. గేటు దాకా ఇనబడతంది గొంతు."

"మరి మీదే గొంతు బాబూ? మా ఎనక వరసలో మనిసి తక్కువున్నాడు," అంది పెద్దమ్మ.

"నాది తానం సేసినప్పుడే లెగుత్తాదమ్మా."

ఆ సాయంత్రం మొదటి చరణం ఎత్తుకోవడానికి ఎవరికీ చేతకాలేదు. ఒకరు తమాయించుకుంటే ఇంకొకరు పకపకమన్నారు. అందరికంటే ఆలస్యంగా ఆగింది నేనే.