వద్దన్న బక్షీసు

నరసరావుపేట కాఫీ హోటల్లో నేను సర్వర్ని. బక్షీసులన్నీ ఒకే డబ్బాలో వేసి, శనివారం వంటవాడితో, గిన్నెలు తోమే అవ్వతో సహా సమానంగా పంచుకునేవాళ్లం. ఒక నెల యజమాని ఆ డబ్బును కూడా జీతంలోనే లెక్కగట్టి, అంతమేరకు కోసి ఇచ్చాడు.

"జీతం మీరిచ్చేది, బక్షీసు జనమిచ్చేది. రెండూ ఒకటెట్లా అవుతయ్యి?" అన్నాను.

"ఏదైతే ఏందిరా, డబ్బే గదా!" అన్నాడు.

మర్నాటి నుంచి ఎవరు బక్షీసు పెట్టినా, గల్లా దగ్గర కూర్చున్న యజమానికి వినబడేట్టు మా అందరిదీ ఒకటే మాట: "వద్దు బాబూ. మీరిచ్చింది అయ్యగారు మా జీతంలో కోసుకుంటన్నారు."

పత్తి వ్యాపారి ఒకాయన తన అణా తీసుకుని నేరుగా గల్లా దగ్గరికెళ్లాడు. "ఇదిగోవయ్యా, నీకే ఇస్తన్నా బక్షీసు," అని బల్లమీద పెట్టాడు.

హోటలంతా నవ్వింది. యజమాని తలెత్తకుండా మాకు కోసిన సొమ్ము తీసిచ్చాడు. ఆయన ముందున్న అణాను నేనే తీసి, మా డబ్బాలో వేశాను.