తమ్ముడి ఫ్లెక్సీలో చూపు

2025 జూన్ 17, మంగళవారం, ఉదయం పదింటికి పది నిమిషాలు తక్కువ. నార్కట్‌పల్లిలో ఒక ఫ్లెక్సీ దుకాణంలో కూర్చున్నాను. బోరు నీళ్ల దగ్గర పక్కింటాయన పారతో నా తమ్ముడి తల పగలగొట్టి ఆ రోజుకు పదో రోజు. కొట్టినవాడు జైల్లో ఉన్నాడు, అతని కొడుకులు ఇంట్లో ఉన్నారు. మర్నాడు దినం. తమ్ముడి కొడుకు, నా మేనల్లుడు, ఎవరి మీదా చెయ్యెత్తకుండా ఆ ఒక్క రోజు గడిస్తే చాలనుకున్నాను.

తమ్ముడి ఫొటో ఒక్కటే ఉంది, అదీ మసకబారింది. దుకాణమాయన దాన్ని ఏఐకి ఇచ్చాడు. పెద్ద పెద్ద తేనెరంగు కళ్లతో ఎవరో వచ్చారు.

"గీ సిన్మా కళ్లు మావోనియి కావు" అన్నాను.

"జర వివరంగ చెప్పవ్వా. మనం రాయకుంటే అదే ఏదో ఒకటి పెడతది."

చెప్పాను. బాదంగింజ ఆకారం, బయటి కొసలు కిందికి వాలుతాయి. నలుపుకు దగ్గరైన గోధుమరంగు, కంటిపాప చుట్టూ సన్నటి బూడిదరంగు గీత. ఎడమ రెప్ప కొంచెం బరువు.

"నాకు ఎడమనా, ఆయనకు ఎడమనా?"

"ఆయనకు."

"మరి చూపు?"

"సూటిగ అని రాయి."

ఈసారి రెప్పలు, రంగు సరిగ్గా కుదిరాయి. ఒకటికి నాలుగుసార్లు చూసి సరేనన్నాను. చూపు మాత్రం చూసుకోలేదు. అసలు ఫొటోలో ముఖం తన కుడికి కొంచెం తిరిగి, నల్లగుడ్లు ఎడమ కొసలకు జరిగి మనల్ని చూస్తాయి. నేను సూటిగా అనడంతో గుడ్లు కంటి నడుమకొచ్చి, ముఖం ఎటుంటే చూపూ అటే పోయింది. తల పక్కకు, కళ్లు కెమెరా వైపు అని రాయించాల్సింది.

బుధవారం ఉదయం ఎనిమిదింటికి మేనల్లుడు ఆరడుగుల ఫ్లెక్సీ గోడకు కట్టాడు. ఎదురుగా నిలబడితే ఎడమ పక్కన పక్కింటివాళ్ల గడప. తమ్ముడు మమ్మల్ని వదిలేసి ఆ గడపనే చూస్తున్నాడు.

పక్కింటి పెద్దకొడుకు కొడవలితో వచ్చాడు. "ఏందిరా, సచ్చినోనితోని మా ఇంటికి కాపలా పెట్టిస్తున్నవా?"

"సంపినోని గడపనే చూస్తడు. నీకు భయమైతే కండ్లు మూస్కో" అన్నాడు మేనల్లుడు.

"బిడ్డా, అది నేను తప్పు చెప్తే అట్లొచ్చింది! దించుతా!" అని అరిచాను.

"నువ్వు లోపలికి పో అత్తా."

కొడవలి ఫ్లెక్సీలో కళ్ల మీదుగా అడ్డంగా దిగింది. మేనల్లుడు దాన్ని వట్టిచేత్తో పట్టుకున్నాడు. రెండు వేళ్లు తెగి అరుగు మీద పడ్డాయి. రెండో చేత్తో అక్కడే ఉన్న గడ్డపార అందుకున్నాడు. మొదటి దెబ్బ పక్కింటి పెద్దకొడుకు భుజానికి తగిలింది, రెండోది కణతకు. మూడోది నేను అడ్డం పోతే నా మోచేతికి.

దుకాణమాయన తర్వాత చూపు సరిచేసి ఇంకొకటి తీసిచ్చాడు. అది మనల్నే చూస్తుంది. గోడకు పెట్టలేదు.

పోయినవి: తమ్ముడు. పక్కింటి పెద్దకొడుకు, ఇరవై ఆరేళ్లు, దవాఖానలో మూడో రోజు. మేనల్లుడి కుడిచేతి వేళ్లు రెండు. అతను ఇప్పుడు జైల్లో. నా ఎడమ మోచేయి వంగదు. దినం జరగలేదు.