స్లాబు రోజున జోగమ్మ షరతు

అరవై నాలుగులో, బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే ట్రాఫిక్ కాలనీ పక్కన కొత్త క్వార్టర్లు కట్టేటప్పుడు, అక్కడ నీళ్లిచ్చే పని జోగమ్మది. ముప్పయ్యేళ్లు తట్టలు మోసి మోకాళ్లు మొండికేశాక మేస్త్రీ ఆమెను ఈ పనికి మార్చాడు. గోనెపట్టాల పందిరి కింద రెండు కుండలు పెట్టుకుని, పావుగంటకో ఇరవై నిమిషాలకో చెంబుతో బయల్దేరేది. దాహమేస్తోందా అని ఎవర్నీ అడిగేది కాదు. తాగేదాకా ఎదురుగా నిలబడేది.

"దాహమేసినాక తాగుదామంటే ఆలీసమైపోద్ది. తాగు!" అనేది. మధ్యాహ్నం ఉప్పు వేసిన గంజి తాగకపోతే ఎవర్నీ వదిలేది కాదు.

ఈ పట్టుదల ఊరికే రాలేదు. కొన్నేళ్ల కిందట సాలువా రోడ్డు పనిలో ఆమె తమ్ముడు ఎర్రయ్య చేరిన రెండోరోజే ఎండలో తూలి పడ్డాడు. తాగొచ్చాడని అందరూ నవ్వారు. నవ్వులు ఆగేసరికి ప్రాణం పోయింది.

ఆ మే నెలలో కంట్రాక్టరు కొత్త సూపర్‌వైజరును పంపాడు, గణపతిరావని. ఆయనకు నల్లగొడుగు, గొడుగు పట్టడానికో మనిషి. ఆ మనిషికి మాత్రం గొడుగు లేదు. వచ్చీరాగానే పందిరి కింద కుండలు జరిపించి తన స్టూలు వేయించుకున్నాడు. జన్మలో ఇటుక ఎత్తని మనిషికి ఎదుటివాళ్ల బద్ధకం మాత్రం దూరం నుంచే కనిపించేది.

"నీళ్ల పేరుతో పని ఎగ్గొడుతున్నారు. పన్నెండింటికోసారి, మూడింటికోసారి చాలు. నువ్వు కూడా ఇటుకలందుకో" అన్నాడు జోగమ్మతో.

ఆరోజే లూకా చేరాడు. ప్రెస్సులో అక్షరాలు పేర్చి, అది మూతపడ్డాక వచ్చినవాడు. ముప్పయ్యేళ్ల దిట్టమైన మనిషి.

"ఇన్నాళ్లూ నీడపట్టున ఉన్నోడు బాబూ. ఈయేళ రెండు గంటలు సాలు. రోజుకింత పెంచుకుంటూ పోతే వారం, పదిరోజుల్లో ఒళ్లు ఎండకి అలవాటు పడతాది" అంది జోగమ్మ.

"ఎద్దులా ఉన్నాడు, వాడికి అలవాటేంటి? నువ్వు డాక్టరీ ఎప్పుడు చదివావే?"

మర్నాడు పదకొండింటికి లూకా తల పట్టుకుని కూలబడ్డాడు. పిక్కలు కొంకర్లు పోతున్నాయన్నాడు. గణపతిరావు కేకేస్తే మళ్లీ లేచాడు. ఒంటిగంటకి, చేరినప్పట్నుంచీ ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి పక్కవాణ్ణి బండబూతులు తిట్టాడు. ఇటుకలు తీసుకెళ్లి ఇసక కుప్పలో పెట్టాడు. జోగమ్మ పరుగున వచ్చి, "నీ పేరేటిరా?" అంది. వాడేదో పొంతన లేకుండా గొణిగి తూలాడు. చెమటకు తడిసి ఉన్నా ఒళ్లు పెనంలా కాలుతోంది.

"తాగినట్టున్నాడు" అన్నాడు గణపతిరావు.

"అవును బాబూ. నువ్వు పోయించిన ఎండ తాగినాడు."

స్టూలును కాలితో తన్నేసి లూకాను పందిరి కింద పడుకోబెట్టించింది. చొక్కా విప్పి, రెండు కుండల నీళ్లూ నెత్తి నుంచి కాళ్లదాకా కుమ్మరించింది. తడి గోనెలు కప్పి తీస్తూ, మళ్లీ తడుపుతూ ఉంటే ఆడవాళ్లు తట్టలతో విసిరారు. లూకా కళ్లు మూతలు పడుతున్నాయి. గణపతిరావు సోడాసీసా వాడి నోటి దగ్గర పెట్టబోతే ఆమె చెయ్యి నెట్టేసింది.

"తెలివి తప్పినోడి గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోద్ది. పట్టుకెళ్లి నువ్వే తాగు!"

ఇసకలారీలో ఆస్పత్రికి పోతున్నంతసేపూ వాడి మీద నీళ్లు పోస్తూనే ఉంది. దారిలో చల్లబరచకపోతే బతికేవాడు కాడన్నాడు డాక్టరు. బయటికొచ్చాక జోగమ్మ తమ్ముణ్ణి తలుచుకుని మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

గణపతిరావు మాత్రం 'పనిలో తాగి పడిపోయాడు' అని రిపోర్టు రాశాడు.

మర్నాడు స్లాబు పోయాలి. తెల్లారేసరికి ఇసక, కంకర, సిమెంటు సిద్ధంగా ఉన్నాయి. మనుషులు మాత్రం నీడలో కూర్చున్నారు. కంట్రాక్టరు జీపులో దూసుకొచ్చాడు.

"ఏంటిది జోగమ్మా?"

"స్లాబు మధ్యలో ఆపితే అతుకు పడతాది, తమకి తెలుసు. మేం మొదలెట్టకముందే ఆగినాం. అదే మా మంచితనం. నీళ్లు ఎప్పట్లాగే తిరగాల. మధ్యాన్నం పన్నెండు నుంచి మూడు దాకా పని వొద్దు, పొద్దున్నే ఎలిగొచ్చీసరికి మొదలెడతాం. కొత్తోళ్లకీ, సెలవెట్టి ఒచ్చినోళ్లకీ పని కొంచెం కొంచెంగా పెంచాల. ఆ రిపోర్టు సింపెయ్యాల. స్లాబు మధ్యలో ఆపకూడదు గాబట్టి, ఈయేళ ఒక్కరోజుకి మధ్యాన్నం కూడా నిమ్మళంగా వొంతులేసుకుని కానిచ్చేత్తాం."

కంట్రాక్టరుకు మనుషుల మీద జాలి పుట్టలేదు, నీళ్లు కలిపాక పని ఆగితే గంటలో గడ్డకట్టే సిమెంటు మీద పుట్టింది. సరేనన్నాడు. గణపతిరావు తన కాగితం తానే చింపాడు, అదీ గొడుగు కిందే నిలబడి.

మూడు వారాలకు లూకా తిరిగొచ్చాడు. జోగమ్మ వాడికి గంటసేపే పనిచ్చింది.

"మళ్లీ మొదట్నుంచా పెద్దమ్మా?"

"మంచం మీద తొంగున్నోడికి ఎండ అలవాటు మిగుల్తాదేటిరా? తాగు."

ఆ వేసవిలో ఇంకెవరూ పడిపోలేదు. అది తన పర్యవేక్షణ గొప్పతనమని గణపతిరావు పైవాళ్లకు రాసుకున్నాడని మేస్త్రీ చెబితే, జోగమ్మ చెంబు ముంచుకుంటూ, "రాసుకోనీ మేస్త్రీ దాదా. పాపం, కలం మోసీసరికే అలిసిపోతాడు" అంది.