పొగ కిందికి దిగిన దీపం

వెలుగుకూ చీకటికీ మధ్య జరిగిన ఒక మహాసంగ్రామాన్ని నేను కళ్ళారా చూశాను. అందులో దైవం ఉంది, తల్లి ఉంది, తల్లికి నిజం చెప్పలేక నలిగిపోయిన కొడుకు ఉన్నాడు. తీస్తే కనీసం రెండు భాగాలు.

అని మొదలుపెట్టాను గానీ అంత లేదు. ఇది ఒక ఇత్తడి కుంది, ఒక స్టాండు ఫ్యాను, ఒక కంటి చుక్కల సీసా గురించి. సంగ్రామం జూబ్లీ హిల్స్‌లో ఒక డైనింగ్ టేబుల్ దగ్గర జరిగింది. మధ్యలో ఉప్మా కూడా పెట్టారు.

నేను ఫిల్మ్ నగర్‌లో ఒక ఎడిటర్ దగ్గర అసిస్టెంటుని. అంటే సినిమాలో మనుషులు సమయానికి ఏడ్చేలా చూసే పనిలో చిన్న భాగం నాది. ఒక నిర్మాత కొత్త సినిమా మొదలుపెడుతూ తన ఆఫీసులోనే ముహూర్తం పూజ చేయించారు. దేవుడి పటాల ముందు వాళ్ళింటి నుంచి తెచ్చిన కుంది, రెండు వత్తులు కలిపిన ఒకే జ్యోతి. వెలిగించే క్షణాన అందరూ ఫోన్లు ఎత్తి ముందుకు తోసుకోవడంతో మా కెమెరాకు వీపులు తప్ప ఏమీ దొరకలేదు. తర్వాత హీరోకు చెమట పడుతోందని ఎవరో స్టాండు ఫ్యాను పెట్టారు. సరిగ్గా అప్పుడు కెమెరా దీపం మీదే ఉంది. ఫ్యాను తిరిగింది, దీపం పోయింది. వెంటనే మళ్ళీ వెలిగించారు కానీ నిర్మాత ముఖం మాత్రం మళ్ళీ వెలగలేదు. ముహూర్తం రోజున దీపం పోతే ఆ సినిమా గురించి ఊరంతా ఏమంటుందో ఫిల్మ్ నగర్‌లో టీ కొట్టు నడిపేవాళ్ళకు కూడా తెలుసు.

మర్నాడు ఆయన మా ఎడిటింగ్ రూముకొచ్చి, "దీపం వెలిగించే షాట్ లేకుండా ముహూర్తం వీడియో ఎలా వదులుతామయ్యా?" అన్నారు. మా అన్న, అంటే ఎడిటర్, దీపం పోయిన షాట్‌ను వెనక్కి తిప్పి పెట్టారు. వత్తి నల్లగా ఉంటుంది, తర్వాత మంట వస్తుంది. దానికి ముందు వెలిగించిన అగ్గిపుల్ల పట్టుకున్న చెయ్యి ఒకటి అతికించారు. తెర మీద రెప్పపాటు. ఎవరూ పట్టుకోలేదు. నిర్మాత చాలా సంతోషించి మాకు బిర్యానీ తెప్పించారు.

ఆ వీడియో బయటికి వెళ్ళాక, ఎవరో దీపం ముక్కను మాత్రం కోసుకున్నారు. చెయ్యి తీసేశారు. వేగం బాగా తగ్గించారు. ఒక భక్తిపాట వేశారు. పైభాగమంతా కప్పేలా పెద్ద పసుపు అక్షరాలు పెట్టారు: అమ్మవారి గుడిలో దానంతటదే వెలిగిన అఖండ దీపం, ఈ వీడియో చూసి మీ ఇంటి దీపంలోని నూనె కళ్ళకు రాసుకుంటే కంటి జబ్బులు పోతాయి, నమ్మినవారు పదిమందికి పంపండి. ఏ ఊరి అమ్మవారో రాయలేదు. రాస్తే ఆ ఊరివాళ్ళు అడుగుతారుగా.

ఆ ముక్క తిరిగి తిరిగి ఎవరి ఫోన్‌కు చేరిందంటే, ఆ నిర్మాత గారి తల్లి ఫోన్‌కు.

ఆవిడకు కంటిలో నీటి ఒత్తిడి జబ్బు. రోజూ చుక్కలు వేసుకోవాలి. వేసుకుంటే కళ్ళు మండుతాయి, మానేస్తే హాయిగా ఉంటుంది, ఆ జబ్బులో ఉన్న దొంగతనమే అది. ఒత్తిడి పెరుగుతున్నా నొప్పి ఉండదు, చూపు అంచుల నుంచి కొద్దికొద్దిగా పోతుంది, పోయింది తిరిగి రాదు. ఆవిడ కొన్ని వారాలుగా చుక్కలు మానేసి కనురెప్పలకు దీపం నూనె రాసుకుంటున్నారు. పరీక్షకు తీసుకెళ్తే ఒత్తిడి పెరిగిందని డాక్టరు చెప్పారు. కొడుకు ఎంత అరిచినా ఆవిడ వినలేదు. అప్పుడాయన మా అన్నకు ఫోన్ చేశారు. అన్న నా వైపు చూశారు.

"నువ్వు పో. నీకు పెద్దోళ్ళతోని మాట్లాడుడు వస్తది."

"నాకు పెద్దోళ్ళ మీద జోకులేసుడు వస్తదన్నా."

"ఆవిడ మీద మాత్రం వేయకు."

నిర్మాత గేటు దగ్గరే నన్ను పట్టుకున్నారు. "అది అబద్ధమని చెప్పు. కానీ మన ముహూర్తం వీడియో అని చెప్పకు. దీపం పోయిందని తెలిస్తే అమ్మ ఈ సినిమా తియ్యనివ్వదు."

"అంటే సార్, నిజం చెప్పాలి, కానీ నిజం చెప్పొద్దు."

"అదే. మీకది అలవాటేగా."

ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. కనురెప్పలు నూనెతో మెరుస్తున్నాయి. నన్ను చూసి, "వీడియో అబద్ధమని చెప్పడానికి వచ్చినవాడివి నువ్వేనా? ముందు ఉప్మా తిను" అన్నారు. శత్రువుకు ఉప్మా పెట్టేవాళ్ళతో ఎలా పోట్లాడాలో నాకెవరూ నేర్పలేదు. తిన్నాను.

"దేవుడు లేడంటావా?" అన్నారు.

"దేవుని గురించి నాకు తెల్వదమ్మా. నాకు తెల్సింది వీడియో ఒక్కటే. మీరొకసారి చూపించండి."

ఆవిడ ఫోన్ తీసి చూపించారు. నేను పసుపు అక్షరాల జోలికి పోలేదు. "అమ్మా, మీ పూజగదిలో దీపం ఆరినప్పుడు..."

"ఆరడం అనకు. కొండెక్కింది అను."

"కొండెక్కినప్పుడు పొగ ఎటు పోతది?"

"పైకి. ఎక్కడికి పోతుంది మరి?"

"ఈ వీడియోలో ఎటు పోతుందో చూడండి."

రెండోసారి చూశారు. మూడోసారి కళ్ళద్దాలు తుడుచుకుని చూశారు. సన్నని పొగ తీగ పైనుంచి మెల్లగా కిందికి దిగి, వత్తిలోకి దూరింది. ఆ తర్వాతే మంట వచ్చింది.

"అమ్మవారు పైనుంచి దిగిందేమో," అన్నారు ఆవిడ, నన్నే పరీక్షగా చూస్తూ.

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆవిడ మాటకు ఆవిడ లెక్క ఆవిడకుంది. పూజగదిలోని దీపంతో పరీక్షలు చేయమని అడగడం మర్యాద కాదు కాబట్టి వంటింట్లోంచి అగ్గిపెట్టె తెచ్చాను. ఒక పుల్ల వెలిగించి ఊదాను, నా ఫోన్‌తో తీశాను, వెనక్కి తిప్పి, వేగం తగ్గించి చూపించాను. గాల్లో ఉన్న పొగ గుంపుగా కిందికొచ్చి పుల్ల కొసలోకి దూరింది, భగ్గున మంట వచ్చింది.

ఆవిడ పకపకా నవ్వారు. "ఓరి నీ దుంపతెగ, అగ్గిపుల్లకు కూడా మహిమ తెప్పించావే!"

గెలిచాననుకున్నాను. ఉప్మా గిన్నె వైపు చూశాను.

అప్పుడావిడ చిక్కుడుకాయ కింద పెట్టి, "బాగుంది. ఇలా చెయ్యొచ్చని చూపించావు. ఆ దీపాన్ని కూడా ఇలాగే చేశారని ఎక్కడ చూపించావు? నువ్వు నాలా మాట్లాడగలవు. అంతమాత్రాన నేను మాట్లాడిందంతా నువ్వు మాట్లాడినట్టా?" అన్నారు.

దీనికి నా దగ్గర జవాబు ఉంది. నా బ్యాగులో, హార్డ్‌డిస్కులో ఉంది. చూపించొద్దన్న మనిషి పక్కనే నిలబడి గోడ గడియారాన్ని చూస్తున్నారు. ఆవిడ మామూలు గొంతుతోనే, "అది తేలేదాకా నేను నూనె మానను నాయనా" అని మళ్ళీ చిక్కుళ్ళు అందుకున్నారు. అందుకునేటప్పుడు పళ్ళెం అంచున ఉన్న కాయలను చేత్తో తడిమి వెతికారు. పక్కనున్నవి ఆవిడకు కనిపించడం లేదు.

నిర్మాత కూడా అది చూశారు. "చూపించవయ్యా" అన్నారు.

ల్యాప్‌టాప్ తెరిచి అసలు షాట్ పెట్టాను. అడ్డుగా అక్షరాలు లేవు, పాట లేదు, పైనున్న ఇత్తడి హంసతో సహా కుంది మొత్తం కనిపిస్తోంది. దీపం వెలుగుతోంది. పక్కనుంచి ఫ్యాను చప్పుడు. మంట ఒరిగింది, పోయింది. పొగ పైకి లేచింది. వెనకాల నిర్మాత గొంతు: "అయ్యో, ఎవడ్రా ఫ్యాను పెట్టింది?"

ఆవిడ తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా జరిగారు. "ఈ హంస ముక్కు వంకర... ఇది మన కుంది! మా అమ్మ నా పెళ్ళికిచ్చింది. నువ్వే చిన్నప్పుడు కిందపడేసి ముక్కు వంచావు."

"అవునమ్మా."

"ముహూర్తం రోజున కొండెక్కిందా?"

నిర్మాత తల ఊపారు. ఏ నిర్మాతా ఏ ఫైనాన్షియర్ ముందూ అంత చిన్నగా నిలబడి ఉండరు.

"ఫ్యాను పెడితే కొండెక్కక ఏం చేస్తుందిరా?" అన్నారు ఆవిడ. "దీపం ముందు ఫ్యాను పెట్టకూడదని ఆఫీసులో ఒక్కరికీ తెలీదా? సినిమా ఆపమంటానని భయపడ్డావా? నా కళ్ళు పోయినా పరవాలేదు, సినిమా ఆగకూడదనా?"

అలాంటప్పుడు పక్కవాళ్ళు ఫోన్ చూసుకుంటారు, నేనూ చూసుకున్నాను.

ఆవిడే, "నేను మా భజన గ్రూపులో పంపాను" అన్నారు. గొంతు తగ్గింది. "అందులో ఒకావిడకు శుక్లాల ఆపరేషన్ ఉంది. వాయిదా వేసుకుంటానంది. ఇప్పుడు అబద్ధం అంటే నన్ను పిచ్చిదాన్నంటారు."

"అబద్ధం అనకండమ్మా. మీ ఇంట్ల ఏం జరిగిందో చెప్పండి, చాలు. వాళ్ళందరికన్న మీకే బాగా తెలుసు. కుంది మీదాయె."

ఆవిడ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని వాయిస్ మెసేజ్ పంపారు. దాన్ని నేను రాయలేదు, రాసినా అంత బాగా రాయలేకపోయేవాడిని. "అమ్మా, నేను పంపిన దీపం గుడిలోది కాదు, మా ఇంటిదే. మావాడి ఆఫీసులో ఫ్యాను గాలికి కొండెక్కితే, ఆ వీడియోను వెనక్కి తిప్పారు. పొగ చూడండి, కిందికి దిగుతుంది. దండం పెట్టుకున్నవాళ్ళ దండం ఎక్కడికీ పోదు, అమ్మవారికే చేరుతుంది. నూనె మాత్రం కళ్ళకు రాసుకోకండి. మందులు మానకండి. ఆపరేషన్ వాయిదా వెయ్యకు వదినా, నేను తోడొస్తాను."

ముందు ఒకరు నమస్కారం బొమ్మ పెట్టారు. తర్వాత ఇంకొకరు. తర్వాత ఆ వదిన గారు, "కుంది బాగుంది, ఎక్కడ కొన్నారు?" అని అడిగారు. ఆ వీడియో మిగతా ఊళ్ళలో ఇంకా తిరుగుతూనే ఉంది. నిర్మాత ముహూర్తం వీడియోలోంచి ఆ షాట్ తీయించారు. దాని స్థానంలో ఇప్పుడు మొత్తం వీపులే.

ఆవిడ ముఖం కడుక్కుని వచ్చి, "ఆ చుక్కలు తీసుకురా, ఇప్పుడే వేసుకుంటా" అన్నారు. కొడుకు పరుగున వెళ్ళి ఫ్రిజ్ తలుపులోంచి సీసా తెచ్చారు. మందు సగానికి పైగా ఉంది. ఆయన కళ్ళు తుడుచుకుంటూ మూత తీయబోయారు. సినిమా అయితే ఇక్కడే పాట.

నేను సీసా మీది చిన్న అక్షరాలు చదివి, ఎప్పుడు తెరిచారో అడిగి ఆపాను. కారు తాళాలు తీసుకుని డ్రైవరు మెడికల్ షాపుకు బయల్దేరాడు. మూత తీసిన కంటి చుక్కల సీసాను నెల దాటితే, మందు ఎంత మిగిలినా, పారేయాలి.